రాత్రిపూట సీలింగ్‌లో తిరిగేది ఏంటో కనిపెట్టడం ఎలా: చప్పుడు, టైమ్, పెంటికలు

"పైన ఏదో పరిగెడుతోంది, ఎలుకా గబ్బిలమా ఎలా తెలుస్తుంది" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, అందరికీ ముక్కలుముక్కలుగా చెప్పేకంటే ఒకేచోట వరసగా రాసేస్తే నయం అనిపించింది. ఇందులో ఎలుకల్ని చంపడం, తరమడం గురించి పెద్దగా ఉండదు. అదేంటో తేల్చుకోవడం వరకే. ఎందుకంటే గబ్బిలాలకి ఎలుకల బోను పెట్టి నెలలతరబడి కూర్చున్నవాళ్ళు, ఎలుకలకి లైట్లు వేసి వెళ్ళిపోతాయని ఎదురుచూసినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ముందే ఒకమాట. చప్పుడు ఒక్కదాన్నీ నమ్మొద్దు, పెంటికలు ఒక్కటే చూసి కూడా తేల్చేయొద్దు. చప్పుడు తీరు, అది వచ్చే టైమ్, కింద పడ్డ పెంటికలు, ఈ మూడూ ఒకే జంతువుని చూపించాలి. చూపించట్లేదంటే మీరేదో తప్పు చూసుంటారు, లేదా పైన ఒకటి కాదు రెండు రకాలున్నాయి.

1. మొదలుపెట్టే ముందు

తేల్చుకునేదాకా మందు పెట్టొద్దు, కన్నాలు మూయొద్దు, బోను పెట్టొద్దు. మందు తిన్న ఎలుక పైనే ఎక్కడో చచ్చిందంటే ఆ వాసన వారాలపాటు ఉంటుంది, పైగా సీలింగ్ విప్పకుండా దాన్ని తీయలేరు. కన్నం మూస్తే లోపల పిల్లలు ఉండిపోతాయి, తల్లి ఇంకోచోట కొరికి దారి చేసుకుంటుంది. వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఏంటంటే, మీరు కెలకడం మొదలెట్టాక వాటి టైమ్, దారి రెండూ మారిపోతాయి, అప్పుడు మీరు రాసుకున్నదానికి విలువుండదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి:
- ఒక నోట్‌బుక్, ఇంటి గదుల చేతిగీత ప్లాన్ ఒకటి
- రాత్రంతా రికార్డ్ చెయ్యగలిగే ఫోన్ (పాతదైనా చాలు), ఛార్జర్
- టార్చ్
- తెల్ల కాగితాలు లేదా అట్టముక్కలు, టాల్కమ్ పౌడర్
- జిప్ ఉన్న పారదర్శక కవర్లు, స్కేలు
- రబ్బర్ గ్లవ్స్, ఎన్95 మాస్క్, బ్లీచ్, స్ప్రే బాటిల్, టిష్యూలు

ఇంకోటి, లైట్లు ఉన్నట్టుండి మినుకుమినుకుమంటున్నా, వైరు కాలిన వాసన వస్తున్నా ఈ పనంతా పక్కనపెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

2. అసలు జంతువేనా అని చూసుకోండి

పొద్దు గూకాక గంటా రెండు గంటలపాటు టిక్ టిక్‌మని, మళ్ళీ పొద్దున ఎండెక్కేటప్పుడు టిక్ టిక్‌మని వస్తోందా? చాలాసార్లు అది రేకులో, చెక్క దూలాలో, మెటల్ ఫ్రేమో వేడికి సాగి చల్లారి ముడుచుకునే శబ్దం. రోజంతా మబ్బుపట్టి ఉన్ననాడు తగ్గిపోతుంది, చోటు మారదు.

పరీక్ష సులువు. చప్పుడు వస్తున్నప్పుడు కర్రతో సీలింగ్‌ని రెండుసార్లు గట్టిగా తట్టండి. జంతువైతే టక్కున ఆగిపోతుంది, కొన్ని నిమిషాలు చడీచప్పుడూ ఉండదు, తర్వాత మెల్లగా మళ్ళీ మొదలవుతుంది, లేదా తట్టగానే పరిగెత్తుతుంది. రేకు, పైపు మీరు తట్టినా తట్టకపోయినా వాటి పని అవి చేసుకుంటాయి. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, రోజూ తట్టకండి, బెదిరిపోతే చోటు మారుస్తాయి.

3. చప్పుడు వినేటప్పుడు పెద్దదా చిన్నదా అని కాదు, నడక ఎలా ఉందో వినండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఫాల్స్ సీలింగ్ బోర్డు అంటే ఫ్రేముకి బిగించిన పలచటి పలక, కింద మీరు, పైన ఖాళీ, దాని మీద చిన్న గోరు తగిలినా గదంతా వినిపిస్తుంది, డప్పు మీద వేలితో కొట్టినట్టే. రెండొందల గ్రాముల ఎలుక దూకినా "అమ్మో ఎవడో నడుస్తున్నాడు" అనిపిస్తుంది. అందుకని ఎంత గట్టిగా వచ్చింది అన్నదాన్ని బట్టి జంతువు సైజు కొలవొద్దు. అడుగులు లెక్కపెట్టగలుగుతున్నారా లేదా అన్నది చూడండి.

- అడుగులు లెక్కపెట్టలేనంత వేగంగా టకటకటక పరుగు, టక్కున ఆగడం, మళ్ళీ అదే దారిలో వెనక్కి, మధ్యలో కరకరమని కొరకడం: ఎలుక. కొరికే శబ్దం ఒకేచోట నిమిషాలతరబడి వస్తే ఎలుకల మీద అనుమానం బాగా పెంచుకోవచ్చు.
- అదే పరుగు కానీ బాగా పలచగా, గోడలోపల గీరినట్టు: చిట్టెలుక.
- ఒక్కో అడుగు విడిగా వినిపించి లెక్కపెట్టగలిగేలా ఉండటం, ధబ్‌మని దిగడం, ఏదో ఈడ్చినట్టు ఉండటం: పిల్లి గానీ, మానుపిల్లులు ఉండే ప్రాంతమైతే మానుపిల్లి గానీ. వాటికి పిల్లలుంటే సన్నటి కూత, కొట్లాట కూడా వినబడతాయి.
- పరుగే లేదు, ఒకేచోట పాకినట్టు గరగర, రెక్కలు కొట్టుకున్న శబ్దం, సన్నటి కిచకిచలు గుంపుగా, అదీ చీకటి పడేముందు: గబ్బిలాలు. మధ్యాహ్నం పైన బాగా వేడెక్కినప్పుడు కూడా కిచకిచలు వస్తాయి.
- పగలంతా హడావిడి, రాత్రి నిశ్శబ్దం: ఉడతో పక్షో, వీటికోసం రాత్రి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

రికార్డింగ్ ఎలా అంటే, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బీరువా మీద, సీలింగ్‌కి వీలైనంత దగ్గరగా పెట్టండి, ఫ్యాన్‌కి దూరంగా. పొద్దున మొత్తం వినక్కర్లేదు, రికార్డింగ్ తెరిస్తే గీతలు ఎక్కడ లేచాయో కనబడుతుంది, అక్కడే వినండి. గబ్బిలాలు దారి వెతుక్కోడానికి చేసే శబ్దాలు చాలావరకు మన చెవికి అందవు, మామూలు రికార్డింగ్ యాప్‌లోనూ సరిగ్గా పడవు, పడేది వాటిలో అవి చేసుకునే కిచకిచలే, కాబట్టి రికార్డింగ్‌లో ఏం లేదని గబ్బిలాలు లేవనుకోకండి.

4. టైమ్ రాసుకోండి, చోటు కూడా

ఒక వారం చాలు. చప్పుడు వచ్చిన ప్రతిసారీ మూడే మూడు ముక్కలు: ఎన్నింటికి, ఏ గది మీద (ప్లాన్ మీద చుక్క పెట్టండి), నడక ఎలా ఉంది. "రాత్రంతా గోల" అని రాస్తే దేనికీ పనికిరాదు, రాత్రంతా ఉండటం వేరు, 7కి పావుగంట, 5కి పావుగంట ఉండటం వేరు. దాంతోపాటు ఆరోజు సూర్యుడు ఎన్నింటికి అస్తమించాడో కూడా రాసుకోండి, ఎందుకంటే ఇవేవీ గడియారం చూసుకోవు, వెలుతురు చూసుకుంటాయి.

ఎలుకలు చీకటి పడ్డాక ఇల్లు సద్దుమణగ్గానే మొదలుపెడతాయి, మధ్యలో తగ్గినా తెల్లారేముందు మళ్ళీ ఊపందుకుంటాయి. చుక్కలు గోడల వెంట, దూలాల వెంట వరసగా పడతాయి, గది మధ్యలో తక్కువ. పట్టపగలు కూడా ఎలుకల చప్పుడు వస్తోందంటే సాధారణంగా సంఖ్య ఎక్కువైందని అర్థం.

గబ్బిలాలు పొద్దు గూకిన కాసేపటికే గుంపుగా వెళ్ళిపోతాయి, తర్వాత పైన దాదాపు నిశ్శబ్దం, తెల్లారేముందు తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ గరగర. పిల్లలున్న కాలంలో తల్లులు మధ్యలో కూడా వచ్చిపోతాయి, కాబట్టి ఆ రోజుల్లో ఈ లెక్క అంత శుభ్రంగా రాదు. చుక్కలన్నీ ఒకటి రెండు చోట్లే గుమిగూడి ఉంటాయి.

మానుపిల్లి చీకటయ్యాక బయటికెళ్ళి తెల్లారేలోపు తిరిగొస్తుంది, కాబట్టి పోయేటప్పుడు ఒక నడక, వచ్చేటప్పుడు ఒక నడక, ఒకే దారి. మధ్యలో గంటలకొద్దీ ఏమీ ఉండకపోవచ్చు.

5. ఒక సాయంత్రం బయట నిలబడండి

దీన్ని చాలామంది వదిలేస్తారు, నిజానికి గబ్బిలాలా కాదా అన్నది ఒక్క సాయంత్రంలో తేలిపోయే పని ఇది. సూర్యాస్తమయానికి అరగంట ముందు నుంచి, అయ్యాక ఇంకో గంట దాకా. ఇద్దరైతే ఇంటికి ఎదురెదురు మూలల్లో నిలబడితే నాలుగు వైపులా కనబడుతుంది. టార్చ్ కన్నం మీద వెయ్యొద్దు, వెలుతురుంటే బయటికి రావడం ఆలస్యం చేస్తాయి. ఆకాశం వైపు చూస్తూ కప్పు అంచుని గమనించండి, చీకట్లో ఆకారం ఆకాశం మీదే కనబడుతుంది.

పగలు అదే అంచుని మళ్ళీ చూడండి. సెంటీమీటరు, సెంటీమీటరున్నర సందు ఉంటే చిన్న గబ్బిలాలకి చాలు. సందు కింద గోడకి గోధుమరంగు మరక, గోడకి అంటుకున్న చిన్న రెట్టలు ఉంటే ఇక పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఎలుక దారైతే దూలాల మీద, పైపు పక్కన నల్లగా జిడ్డుపట్టిన మరక ఉంటుంది, రోజూ ఒంటిని రాసుకుంటూ పోవడంవల్ల వచ్చేది అది. చిట్టెలుకకి పెన్ను పట్టేంత కన్నం చాలు.

6. పెంటికలు చూడటం, చీపురు ముట్టకుండా

పొడిగా ఉన్న పెంటికల్ని ఊడవొద్దు, వాక్యూమ్ పెట్టొద్దు. ఎలుకలవైతే హంటా వైరస్ లాంటివి, గబ్బిలాల గుట్టలైతే ఊపిరితిత్తులకి పట్టే ఫంగస్, దుమ్ములో లేచి లోపలికి పోతాయి. మాస్క్, గ్లవ్స్ వేసుకోండి, తలుపులు కిటికీలు అరగంట తెరిచి పెట్టాక మొదలుపెట్టండి.

ఫాల్స్ సీలింగ్ మీద కాలు పెట్టొద్దు, అది మనిషి బరువు మొయ్యదు. సీలింగ్‌కి తలుపు ఉంటే అందులోంచి సెల్ఫీ స్టిక్‌కి ఫోన్ కట్టి వీడియో మోడ్‌లో ఫ్లాష్ వేసి చుట్టూ తిప్పండి, మీరు తల దూర్చేకంటే అదే ఎక్కువ చూస్తుంది.

కనబడినవాటిలో రెండు మూడు తీసి కవర్లో వేసి జిప్ మూసేయండి. తర్వాత స్కేలు పక్కనపెట్టి కవర్ బయటనుంచే కొలవండి.

- 3 నుంచి 6 మిల్లీమీటర్లు, బియ్యపు గింజంత: చిట్టెలుక కావచ్చు, గబ్బిలం కూడా కావచ్చు. కింద పరీక్ష చెయ్యాల్సిందే.
- 12 మిల్లీమీటర్ల దగ్గర, రెండు కొసలూ సూదిగా: పైకప్పుల్లో తిరిగే నల్ల ఎలుక.
- 18 దాకా ఉండి కొసలు మొద్దుగా ఉంటే: పెద్ద గోధుమ ఎలుక, ఇది ఎక్కువగా నేలమీద, కాలవల దగ్గర ఉండే రకం, అటకమీద తక్కువ.
- ఒక కొస మీద తెల్లటి ముద్ద: బల్లి. దీన్ని చూసి ఎలుకలని కంగారు పడేవాళ్ళు బోలెడుమంది.
- వేలంత పెద్దవి, ఒకేచోట మళ్ళీమళ్ళీ వేసినవి, పండ్ల గింజలు అరక్కుండా అలాగే కనబడేవి: మానుపిల్లి.

ఇప్పుడు చిట్టెలుకా గబ్బిలమా అన్న పరీక్ష. బాగా ఎండిన పెంటికని మూసిన కవర్లోనే ఉంచి బయటనుంచి చెంచా వెనకవైపుతో నొక్కండి. గబ్బిలం రెట్టైతే పొడిపొడి అయిపోతుంది, టార్చ్ వేస్తే ఆ పొడిలో మెరిసే చిన్నచిన్న పలుకులు కనబడతాయి, అవి అది తిన్న పురుగుల రెక్కలు, పెంకులు. ఎలుకదైతే గట్టిగా ఉంటుంది, పగిలినా ముక్కవుతుంది గానీ అలా పొడి అవదు, మెరుపుండదు. కవర్లో చెయ్యడంవల్ల దుమ్ము లేవదు, నొక్కాక కవర్ అలాగే పారేయొచ్చు. ఈ పరీక్ష పురుగులు తినే చిన్న గబ్బిలాలకే పనిచేస్తుంది, పండ్లు తినే పెద్ద గబ్బిలాలు మామూలుగా చెట్లమీదే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదు.

పడిన తీరు కూడా చూడండి. గబ్బిలం వేలాడిన చోటే వేస్తుంది, కాబట్టి కింద గుట్టగా పడుతుంది. ఎలుక నడుస్తూ వేస్తుంది, దారంతా చల్లుతుంది.

7. పాతవా కొత్తవా

నన్నడిగితే మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చే స్టెప్ ఇదే, ఓపిక లేక అందరూ దాటేసేదీ ఇదే. పెంటికలు ఏళ్ళతరబడి అలాగే పడుంటాయి. మీకు దొరికినవి ఎప్పుడో వెళ్ళిపోయిన ఎలుకలవి కావచ్చు, ఇప్పుడు తిరిగేది ఇంకోటి కావచ్చు. కొత్తవి మెత్తగా నల్లగా మెరుస్తాయి, కొన్నాళ్ళకి గట్టిపడి బూడిదరంగులోకి వస్తాయి, అంటారు గానీ గాలిలో తేమను బట్టి అది మారిపోతుంటుంది, కంటితో తేల్చడం కష్టం. తుడిచి, ఆగి, చూడటమే సరైన దారి.

- ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పెంటికలు బాగా తడిసేలా స్ప్రే చెయ్యండి (అమోనియా ఉన్న క్లీనర్లు ఇందులో కలపొద్దు, స్ప్రే వైర్ల మీద పడనివ్వొద్దు)
- 5 నిమిషాలు ఆగి టిష్యూతో తీసి కవర్లో మూసి పారేయండి
- ఆరాక అదే చోట తెల్ల కాగితం పరచండి, అంచులకి టేపు వెయ్యండి
- కాగితం మీద తేదీ రాయండి
- మూడు రాత్రుల తర్వాత తీసి చూడండి

గుట్టలు గుట్టలుగా ఉంటే మాత్రం మీరు దిగొద్దు, ఆ పని చేసేవాళ్ళని పిలవండి. మీరు మిగతా ఖాళీ జాగాలో కాగితం పరిస్తే చాలు.

8. అడుగుల అచ్చు

కాగితం మీద ఏమీ పడకపోయినా చప్పుడు వస్తూనే ఉంటే, ప్లాన్ మీద చుక్కలు ఎక్కువ పడ్డ చోట అట్టముక్క పెట్టి టాల్కమ్ పౌడర్ పలచగా, అట్ట కనీకనబడనట్టు చల్లండి. పిండి వాడొద్దు, తినేస్తాయి. మందంగా చల్లితే అచ్చు కూలిపోతుంది, ఏమీ తెలీదు. ఏసీ గాలి తగిలే చోట అస్సలు వద్దు.

ఎలుక జాతిలో ముందు కాలికి నాలుగు వేళ్ళు, వెనక కాలికి ఐదు పడతాయి, కొన్నిసార్లు మధ్యలో తోక గీసిన గీత. వెనక పాదం అచ్చు 2 సెంటీమీటర్లలోపుంటే చిట్టెలుక, 3 దాటితే పెద్దెలుక. పిల్లి అచ్చులో నాలుగు వేళ్ళు, గోళ్ళు పడవు. మానుపిల్లికి ఐదు వేళ్ళు. గబ్బిలమైతే అట్ట మీద మామూలుగా అచ్చే ఉండదు, రెట్ట మాత్రం ఉండొచ్చు.

9. ఒక ఇంటి కేసు

మాకు తెలిసిన ఒకాయన, "పైన మానుపిల్లి ఉంది, ఖాయం" అని వచ్చాడు. రాత్రి ఒంటిగంటకి ధబ్‌మని శబ్దం, ఇంట్లోవాళ్ళంతా లేచి కూర్చుంటున్నారట. సీలింగ్ తలుపు తీస్తే చిన్న పెంటికలు కనబడ్డాయి, "అయితే చిట్టెలుకలు కూడా ఉన్నాయి, మానుపిల్లి వాటికోసమే వస్తోంది" అని కథ అల్లేసుకున్నాడు, చిట్టెలుకల బోను పెట్టాడు, ఒక్కటీ పడలేదు.

వారం రాసుకోమంటే ఇలా వచ్చింది. సూర్యాస్తమయం 6:20. రోజూ 6:10 నుంచి 6:45 దాకా పడకగది మూల మీద కిచకిచ, గరగర. తర్వాత ఆ మూల ప్రశాంతం. మళ్ళీ 5 ముందు అక్కడే గరగర. ఇక ఒంటిగంట శబ్దం హాలు మీద, గోడ వెంట, ధబ్ తర్వాత లెక్కపెట్టలేని పరుగు, తర్వాత కాసేపు కొరకడం. వారంలో మూడు రాత్రులే.

దీన్ని విడదీసి చూడండి. పడకగది మూల టైమ్ సూర్యాస్తమయాన్ని పట్టుకుని ఉంది, పరుగు లేదు. పెంటికలు 5 మిల్లీమీటర్లు, గుట్టగా, సరిగ్గా ఆ మూలే. కవర్లో నొక్కితే పొడి, పొడిలో మెరుపు. సాయంత్రం బయట నిలబడితే ఆ మూల అంచు సందులోంచి ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళడం కనబడింది. అంటే చిట్టెలుకలు అనుకున్నవి గబ్బిలాలు, బోనులో పడకపోవడంలో వింతేం లేదు.

హాలు మీద శబ్దం ఎంత గట్టిగా ఉన్నా దాని తర్వాత పరుగు లెక్కపెట్టలేనిది, కొరకడం ఉంది, గోడ వెంటే ఉంది. అక్కడ కాగితం పరిచి మూడు రాత్రులు ఆగితే 12 మిల్లీమీటర్ల సూది కొసలవి ఐదారు పడ్డాయి. నల్ల ఎలుక. పైపు మీదనుంచి బోర్డు మీదకి దూకేచోట ధబ్‌మంటోంది, అంతే. మానుపిల్లి గుర్తు ఒక్కటీ దొరకలేదు.

ఆయన మొదట అనుకున్నట్టు ఎలుకల మందు పెట్టి సందులన్నీ మూసేసి ఉంటే గబ్బిలాలు లోపల ఇరుక్కుని, దారి వెతుక్కుంటూ లైట్ల కన్నాల్లోంచి గదుల్లోకి దిగేవి.

10. ఎక్కువగా జరిగే తప్పులు, సర్దుకునే తీరు

తప్పు: ఒక్క రాత్రి విని తేల్చడం. ఈదురుగాలి, వాన ఉన్న రాత్రి రాసుకున్నది పక్కన పెట్టేయండి, కనీసం నాలుగైదు మామూలు రాత్రులు కావాలి.

తప్పు: కాగితం గది మధ్యలో పరచడం. ఎలుక గోడ వదలదు, కాగితం అంచు గోడకి ఆనించి పెట్టండి.

తప్పు: చప్పుడు ఆగిపోయింది కాబట్టి వెళ్ళిపోయాయనుకోవడం. అనుమానమున్న కన్నంలో న్యూస్‌పేపర్ ఉండ వదులుగా పెట్టండి, రెండు మూడు రోజుల్లో తోసేసి ఉంటే దారి ఇంకా నడుస్తోంది. గబ్బిలాల సందులో మాత్రం ఇది చెయ్యొద్దు.

తప్పు: ఉన్నట్టుండి ఎలుకల గోల ఆగి, పాము కుబుసం కనబడినా పైకి ఎక్కడం. అక్కడితో ఆపి పాములు పట్టేవాళ్ళని పిలవాలి.

తప్పు: కిందపడ్డ గబ్బిలాన్ని చేత్తో తీయడం. రేబిస్ ఉండే అవకాశం ఉంది. కరిచినా గీరినా 15 నిమిషాలు సబ్బు, ధారగా పోసే నీళ్ళతో కడిగి అదేరోజు డాక్టర్ దగ్గరికెళ్ళాలి. నిద్రపోతున్న గదిలో పొద్దున గబ్బిలం కనబడినా, కరిచినట్టు తెలియకపోయినా సరే, డాక్టర్ని అడగాలి, దాని పళ్ళు చాలా చిన్నవి, గాటు కనబడకపోవచ్చు.

11. తేలాక

ఎలుకలని తేలితే బోన్లు గోడ వెంట, కాగితం మీద పెంటికలు పడ్డ చోటే పెట్టండి, రాకపోకలు ఆగాకే కన్నాలు మూయండి. గబ్బిలాలైతే పిల్లలు ఎగిరే వయసు వచ్చేదాకా సందు ముట్టుకోకూడదు, తర్వాత బయటికి పోవడానికి వీలై లోపలికి రావడానికి వీల్లేని వల తలుపు కట్టించాలి, చాలాచోట్ల వీటిని చంపడం చట్టప్రకారం నేరం కూడా. మానుపిల్లి అయితే అటవీశాఖకి ఫోన్ చెయ్యడమే, బోను మీరు పెట్టొద్దు. పిలిచినవాళ్ళకి మీ టైమ్ పట్టిక, చుక్కలు పెట్టిన ప్లాన్, స్కేలు పక్కనపెట్టి తీసిన ఫోటో పంపితే వచ్చేముందే ఏం తెచ్చుకోవాలో వాళ్ళకి తెలుస్తుంది.